ఆద్య గురించి చేసే పరీక్షలు: శైలజ గారికి, కిరణ్ గారికి

శైలజ గారికి, కిరణ్ గారికి,

నేను డాక్టర్ మాధవిని. ఆ రాత్రి లేబర్ రూంలోనూ, తర్వాత వార్డులోనూ మిమ్మల్ని చూసుకున్న రెసిడెంట్‌ని. పాప ఆద్య కడుపులోనే దక్కకుండా పోయినందుకు నాకు చాలా బాధగా ఉంది. డిశ్చార్జ్ రోజు పరీక్షల గురించి కొంత చెప్పాను గానీ, ఆ స్థితిలో చెప్పిన మాటలు ఎవరికీ గుర్తుండవు. అందుకే అన్నీ రాసి పంపుతున్నాను. ఒక్కసారే చదవాలని లేదు. ఇద్దరిలో ఒకరే చదవగలిగినా సరే. మీరు నిర్ణయించాల్సింది ఒక్క పోస్ట్‌మార్టం విషయమే. మిగతావన్నీ మీరు సంతకం చేసిన మేరకు మొదలయ్యాయి.

పరీక్షల సంగతి కంటే ముందు, శైలజ గారూ, మీరు నన్ను పదేపదే అడిగిన దానికి జవాబు చెప్పాలి. మెట్లు ఎక్కడం వల్ల, ముందురోజు ఇంట్లో మాటామాటా పెరిగి ఏడవడం వల్ల పాప గుండె ఆగిపోదు. కదలికలు తగ్గినట్టు అనిపించగానే వచ్చి ఉంటే ఏమయ్యేదో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. తేడా గమనించింది మీరే, వచ్చింది మీరే. ఈ పరీక్షల్లో ఏదీ మీ తప్పు వెతకడానికి చేసేది కాదు. జబ్బు ఎక్కడుందో చూడటానికే చేస్తాం.

ఇంకో మాట. పాప చర్మం కొన్నిచోట్ల ఊడినట్టు ఉండటం చూసి దెబ్బలేమోనని కిరణ్ గారు భయపడ్డారు. అవి దెబ్బలు కావు. గుండె ఆగాక బిడ్డ కొన్ని గంటలపాటు ఉమ్మనీటిలో ఉంటే చర్మం అలా మారుతుంది. కాన్పు సమయంలో జరిగింది కాదు, పాపకు నొప్పి కలిగించిందీ కాదు.

మెడ చుట్టూ ఒక చుట్టు వేసుకున్న బొడ్డుతాడు గురించి కూడా అడిగారు. ప్రాణాలతో, ఆరోగ్యంగా పుట్టే పిల్లల్లో దాదాపు నలుగురైదుగురిలో ఒకరికి మెడ చుట్టూ తాడు ఉంటుంది. ఆద్యకు ఉన్నది వదులుగా ఉన్న చుట్టు, బిగిసిన గుర్తు కనిపించలేదు. కాబట్టి దాన్నే కారణమని తేల్చేసి మిగతా పరీక్షలు వదిలేయడం సరికాదని మా అభిప్రాయం. బంధువులు "తాడు చుట్టుకుందట" అని చెప్పుకుంటే చెప్పుకోనివ్వండి, మీరు మాత్రం అక్కడే ఆగిపోవద్దు.

ఇప్పటికే చేసినవి చెప్తాను. అన్నిటికంటే ముఖ్యమైనది మాయ. ఆద్య 36 వారాలకు 2,050 గ్రాములు ఉంది. ఆ వయసుకు ఇది కాస్త తక్కువ. మాయ కూడా చిన్నగా ఉంది, ఒక అంచున గట్టిపడి పాలిపోయిన భాగం కంటికే కనిపించింది. దాని అర్థమేంటో పాథాలజీ డాక్టర్ మైక్రోస్కోప్ కింద చూస్తే గానీ చెప్పలేం. రక్తనాళాలు మూసుకుపోయాయా, ఇన్ఫెక్షన్ ఏమైనా పాకిందా, గర్భసంచి గోడ నుంచి మాయ ముందే విడిపోయిందా అన్నవి అక్కడే తెలుస్తాయి. అమెరికాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలోని కేసులను మళ్లీ పరిశీలించి 2017లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, కారణం తేల్చడానికి మాయ పరీక్ష దాదాపు 65 శాతం మందిలో ఉపయోగపడింది. పోస్ట్‌మార్టం 42 శాతం మందిలో, జన్యు పరీక్షలు 12 శాతం మందిలో ఉపయోగపడ్డాయి. మీరు పోస్ట్‌మార్టం వద్దనుకున్నా చేతిలో ఏమీ మిగలదని అనుకోవద్దని ఈ అంకెలు చెప్తున్నాను.

జన్యు పరీక్ష కోసం మాయలో పాప వైపు భాగం నుంచీ, బొడ్డుతాడు నుంచీ చిన్న ముక్కలు తీశాం. మాయను పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో వేయకముందే తీయాలి కాబట్టి ఆ రాత్రే సంతకం అడిగాను. క్రోమోజోముల్లో ఏదైనా ముక్క తక్కువగా గానీ ఎక్కువగా గానీ ఉందా అని మైక్రోఅరే అనే పద్ధతిలో చూస్తారు. పాత పద్ధతిలో బతికి ఉన్న కణాలను ల్యాబ్‌లో పెంచాలి, ఇలాంటప్పుడు అవి తరచూ పెరగవు. ఈ పద్ధతికి ఆ అవసరం లేదు. ఇందులో ఏదైనా తేడా కనిపిస్తే మీ ఇద్దరి రక్తం కూడా పరీక్షించాల్సి రావచ్చు. ఆ తేడా పాపలో కొత్తగా వచ్చిందా, తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చిందా అని తెలుసుకోవడానికే అది.

శైలజ గారి రక్తం కాన్పుకు ముందే తీశాం. పాప రక్తం ఎక్కువ మోతాదులో మీ రక్తంలోకి చేరిందేమో చూసే పరీక్షకు అదే సరైన సమయం, ఎందుకంటే కాన్పులో సహజంగా కొంత కలుస్తుంది. మూడు నెలల సగటు షుగర్, థైరాయిడ్, రక్తకణాలు, పాప రక్తానికి వ్యతిరేకంగా పనిచేసే యాంటీబాడీలు, సిఫిలిస్ కూడా చూస్తున్నాం. సిఫిలిస్ పేరు రిపోర్టులో చూసి ఒకరినొకరు అనుమానించుకోవద్దు, ఇలాంటి సందర్భంలో అందరికీ చేసేదే. చివరి వారాల్లో అరచేతులు దురద పెట్టాయన్నారు, అది లివర్ సమస్య వల్ల కావచ్చు కాబట్టి లివర్ పరీక్షలు, అందులో భాగంగా బైల్ యాసిడ్స్ పరీక్ష చేర్చాం. రక్తం అవసరం లేనప్పుడు గడ్డకట్టేలా చేసే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీల పరీక్ష కూడా ఉంది. అది పాజిటివ్ వచ్చినా వెంటనే ఆ జబ్బు ఉన్నట్టు కాదు, కనీసం 12 వారాల తర్వాత మళ్లీ చేసి నిర్ధారించాలి. నిజంగా ఉంటే తర్వాతి గర్భంలో మందులతో చూసుకోవచ్చు కాబట్టి ఈ పరీక్షకు విలువ ఎక్కువ.

చేయనివి కూడా చెప్పాలి. బయట ల్యాబుల్లో గర్భంలో బిడ్డకు సోకే కొన్ని ఇన్ఫెక్షన్లను చూసే టార్చ్ ప్యానెల్ అనీ, వంశపారంపర్యంగా రక్తం గడ్డకట్టే జబ్బుల ప్యాకేజీ అనీ చేయించమని ఎవరైనా సలహా ఇవ్వొచ్చు. మీ విషయంలో వాటిని రాయలేదు. ప్రత్యేక కారణం లేకుండా వాటిని చేయిస్తే అసలు కారణం తేలడం అరుదు. స్పష్టంగా అర్థం చెప్పలేని రిపోర్టు ఒకటి చేతికొచ్చి ఇంట్లో టెన్షన్ పెరుగుతుంది. మాయలో ఇన్ఫెక్షన్ గుర్తులు కనిపిస్తే, ఏ ఇన్ఫెక్షనో చూసి దానికి తగ్గ పరీక్ష మేమే రాస్తాం.

ఇక పోస్ట్‌మార్టం. ఆ మాట వినగానే మీ ఇద్దరి ముఖాలు మారడం చూశాను. ఇది పోలీసు కేసుల్లో జరిగేది కాదు. గర్భస్థ శిశువులను పరీక్షించడంలో శిక్షణ పొందిన పాథాలజీ డాక్టర్ చేస్తారు. ఛాతీ, పొట్ట మీద ఒక గాటు, మీరు ఒప్పుకుంటే తల వెనక ఒకటి పెడతారు. తర్వాత జాగ్రత్తగా కుట్లు వేసి, మీరిచ్చిన బట్టలు తొడుగుతారు. ముఖాన్ని ముట్టుకోరు. ఆ తర్వాత కూడా పాపను చూడొచ్చు, ఎత్తుకోవచ్చు. అవయవాలను తిరిగి లోపలే ఉంచుతారు. మైక్రోస్కోప్ కింద చూడటానికి తీసిన చిన్న చిన్న ముక్కలు మాత్రం స్లైడ్ల రూపంలో ల్యాబ్‌లో ఉంటాయి. అవి కూడా ఉండకూడదనిపిస్తే ఫారంలో ఆ మాట రాయవచ్చు.

మొత్తం చేయాలని లేదు. ఫలానా అవయవం వరకే చూడండని చెప్పొచ్చు. అసలు గాటే వద్దంటే బయటి నుంచి పరీక్షించి, కొలతలు తీసి, ఒళ్లంతా ఎక్స్‌రే తీస్తారు. దానివల్ల తెలిసేది తక్కువే అయినా, ఏమీ చేయకపోవడం కంటే మేలు.

"మీరైతే ఏం చేస్తారు?" అని కిరణ్ గారు అడిగారు. ఆద్య బరువు తక్కువ, మాయ చిన్నది. కాబట్టి అసలు సంగతి మాయలోనే ఉండొచ్చని నా అంచనా. అయినా స్కాన్‌లో కనిపించని గుండె లోపమో, ఇంకేదో లేదని గట్టిగా చెప్పాలంటే పోస్ట్‌మార్టంకు సాటి ఇంకోటి లేదు. మరో బిడ్డ గురించి ఆలోచించే రోజు వస్తే ఆ సమాచారం పనికొస్తుంది. నా ఉద్దేశం ఇంతే. మీరు వద్దంటే ఆ మాటను అంతే గౌరవిస్తాం, మీకు జరిగే వైద్యంలో తేడా ఉండదు. ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో మాట అంటుంటే, ఇందులో మీ ఇద్దరి ఇష్టమే చెల్లుతుందని చెప్పండి. ఆలస్యమయ్యే కొద్దీ తెలిసేది తగ్గుతుంది కాబట్టి గురువారం సాయంత్రంలోపు వార్డుకు ఫోన్ చేయండి. సంతకం చేశాక కూడా, మొదలుపెట్టక ముందు ఎప్పుడైనా వద్దనొచ్చు.

ఇన్ని చేసినా కారణం తెలియకపోవచ్చు. పైన చెప్పిన అధ్యయనం తొలి ఫలితాలు 2011లో వచ్చాయి. అందులో 512 మంది శిశువులను పూర్తిగా పరిశీలించినా, దాదాపు 61 శాతం మందిలోనే కారణం ఇదై ఉంటుందని చెప్పగలిగారు. ఏదీ దొరకకపోతే మీ మనసుకు కష్టంగా ఉంటుందని తెలుసు. కానీ ఫలానా జబ్బులు లేవని తేలడం కూడా తర్వాతి గర్భానికి అవసరమైన సమాచారమే.

రక్తపరీక్షలు చాలావరకు ఈ వారంలో వస్తాయి. మాయ రిపోర్టుకు రెండు మూడు వారాలు, జన్యు పరీక్షకు నెల దాటొచ్చు, పోస్ట్‌మార్టం చేయిస్తే తుది రిపోర్టుకు ఇంకా ఎక్కువ సమయం పట్టొచ్చు. ఎనిమిది వారాల తర్వాత మా సీనియర్ కన్సల్టెంట్‌తో మీకు సమయం తీసుకున్నాను, నేను కూడా ఉంటాను. గర్భిణులు కూర్చునే ఓపీలో కాదు, విడిగా ఉన్న గదిలో కలుస్తాం. విడివిడిగా వచ్చే కాగితాలు చదివి కంగారుపడకుండా అన్నీ కలిపి అప్పుడు మాట్లాడుకుందాం. వెంటనే వైద్యం చేయాల్సింది ఏదైనా ఉంటే మాత్రం అంతవరకూ ఆగం, అదే రోజు ఫోన్ చేస్తాను. తర్వాతి గర్భం గురించి ఇప్పుడేమీ తేల్చుకోనక్కర్లేదు. ఆ రోజు మీరు అడిగితేనే మాట్లాడతాం.

శైలజ గారూ, పాలు రాకుండా మాత్ర ఇచ్చాం. అయినా రొమ్ములు కొంచెం గట్టిపడొచ్చు. పాలు పిండకుండా, బిగుతుగా కాకుండా ఆసరాగా ఉండే బ్రా వేసుకుని చల్లని గుడ్డ పెట్టుకోండి. గంటకో ప్యాడ్ తడిసేంత రక్తం పోయినా, జ్వరం, దుర్వాసన, పిక్కలో నొప్పి, ఆయాసం, తీవ్రమైన తలనొప్పి, ఏది వచ్చినా ఏ వేళైనా సరే వచ్చేయండి. నిద్ర పట్టకపోవడం, ఏడుపు ఇప్పట్లో ఉండేవే. బతకాలని లేదన్న ఆలోచన ఎవరికి వచ్చినా ఆలస్యం చేయకుండా మాకు చెప్పండి. కిరణ్ గారూ, ఇది మీకూ చెప్తున్నాను. అందరూ ఆవిడను చూసుకోమని మీకు చెప్తుంటారు గానీ, కూతురిని పోగొట్టుకున్నది మీరు కూడా.

మీరు పెట్టిన పేరునే అన్ని ఫారాల మీదా రాయించాను. పాదాల ముద్రలు, ఫోటోలు కవర్‌లో పెట్టి వార్డు సిస్టర్ గారి దగ్గర ఉంచాం. ఇప్పుడు చూడలేమనుకుంటే మీరు అడిగినప్పుడే ఇస్తారు. ఎనిమిది వారాల తర్వాత వచ్చేటప్పుడు అడగాలనుకున్నవి కాగితం మీద రాసి తెచ్చుకోండి, ఎంత చిన్న ప్రశ్న అయినా సరే.

డాక్టర్ మాధవి
రెసిడెంట్, ప్రసూతి విభాగం