సబ్‌నెట్ లెక్కలు: పాత పేపర్ల నుంచి నాలుగు

అనంతపురం, ఆదివారం రివిజన్ బ్యాచ్ కోసం

మొదటి మూడూ గేట్ పాత పేపర్లవి, నాలుగోది సెమిస్టర్ పరీక్షల్లో తరచూ అడిగే తరహాది. కాగితం పైన 128, 64, 32, 16, 8, 4, 2, 1 అని రాసుకుని, ప్రతి లెక్కా మీ చేత్తో వేస్తూ చదవండి. చూసి అర్థమైన లెక్క పరీక్ష హాల్లో చేతికి రాదు.

1. గేట్ 2008. క్లాస్ బి నెట్‌వర్క్, మాస్క్ 255.255.248.0. ఒక్కో సబ్‌నెట్‌లో గరిష్ఠంగా ఎన్ని హోస్ట్‌లు?

248 అంటే 11111000. మూడో ఆక్టెట్‌లో మూడు సున్నాలు, నాలుగో దాంట్లో ఎనిమిది, మొత్తం 11 హోస్ట్ బిట్లు. 2^11 = 2048. అందులో నెట్‌వర్క్ అడ్రస్ ఒకటి, బ్రాడ్‌కాస్ట్ ఒకటి తీసేస్తే 2046.

క్లాస్ బి అన్న మాట చూడగానే కొందరు 65534 రాసేస్తారు. హోస్ట్‌ల లెక్కకు మాస్క్ ఒక్కటే చాలు. సబ్‌నెట్లు ఎన్ని అని అడిగితేనే క్లాస్‌తో పని: 16 − 11 = 5 బిట్లు, 32 సబ్‌నెట్లు.

2. గేట్ 2006. సి1 అడ్రస్ 203.197.2.53, మాస్క్ 255.255.128.0. సి2 అడ్రస్ 203.197.75.201, మాస్క్ 255.255.192.0. ఎవరు ఎవరిని తమ నెట్‌వర్క్‌లోనే ఉన్నారనుకుంటారు?

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటే: ప్రతి యంత్రమూ రెండు అడ్రస్‌లనూ తన మాస్క్‌తోనే యాండ్ చేసుకుంటుంది. ఎదుటివాడి మాస్క్ ఏమిటో దానికి తెలియదు. మొదటి రెండు ఆక్టెట్లూ ఒకటే కాబట్టి మూడోది చూస్తే సరిపోతుంది.

```
C1:   2 AND 128 = 0     75 AND 128 = 0
C2:  75 AND 192 = 64     2 AND 192 = 0
```

సి1 లెక్కలో రెండూ 203.197.0.0, అంటే ఒకే నెట్‌వర్క్. సి2 లెక్కలో ఒకటి 64, ఇంకొకటి 0, అంటే వేరు. కాబట్టి సి1 మాత్రమే ఇద్దరం ఒకచోటే ఉన్నామనుకుంటుంది. సి1 అడ్రస్‌ను సి1 మాస్క్‌తో, సి2 అడ్రస్‌ను సి2 మాస్క్‌తో యాండ్ చేసి, ఆ రెండు జవాబులనూ పోల్చడమే ఈ లెక్కలో పెద్ద పొరపాటు.

3. గేట్ 2003. మాస్క్ 255.255.31.0. 128.8.129.43, 128.8.161.55 ఒకే నెట్‌వర్క్‌లో ఉండొచ్చా?

31 అంటే 00011111. ఒకట్లు ఎడమ నుంచి వరుసగా లేవు. ఇప్పుడు ఇలాంటి మాస్క్ ఎవరూ పెట్టరు, అలాగని ప్రశ్న తప్పని వదిలేయకండి. ఇక్కడ చెడేది బ్లాక్ సైజు చిట్కా: 256 − 31 = 225 అన్న అంకెకు అర్థమే లేదు. బిట్లు పరిచి యాండ్ చేయాల్సిందే.

```
129 = 10000001     161 = 10100001
 31 = 00011111      31 = 00011111
AND = 00000001     AND = 00000001
```

రెండింటికీ 128.8.1.0 వచ్చింది. ఉండొచ్చు. బ్లాక్ సైజు వరుస మాస్క్‌లకు మాత్రమే దగ్గరి దారి. యాండ్ ఏ మాస్క్‌కైనా పనిచేస్తుంది.

4. 192.168.20.0/24ను కర్నూలు 100, కడప 50, అనంతపురం 25 హోస్ట్‌లకు, రెండు రౌటర్ లింకులకు పంచండి.

పెద్దదానితో మొదలుపెట్టాలి. 100కు 2^7 = 128 కావాలి, కాబట్టి /25. 50కి 64, అంటే /26. 25కు 32, అంటే /27. లింకుకు రెండు హోస్ట్‌లు, నెట్‌వర్క్, బ్రాడ్‌కాస్ట్ కలిపి 4, అంటే /30.

```
కర్నూలు     192.168.20.0/25     .0   - .127
కడప        192.168.20.128/26   .128 - .191
అనంతపురం   192.168.20.192/27   .192 - .223
లింకు 1     192.168.20.224/30   .224 - .227
లింకు 2     192.168.20.228/30   .228 - .231
```

పెద్దది ముందు ఎందుకంటే, బ్లాక్ తన సైజు గుణిజం దగ్గరే మొదలవ్వాలి. అనంతపురానికి ముందుగా .0 - .31 ఇచ్చేసి, పక్కనే కర్నూలుకు .32/25 అని రాస్తే అలాంటి నెట్‌వర్కే లేదు: 32 AND 128 = 0, అంటే అది మళ్ళీ .0/25 లోకే వెళ్లి అనంతపురం మీద పడుతుంది.

ఇంకో చోట మార్కులు పోతాయి. 62 కంప్యూటర్లు అని ఇస్తే /26లో సరిగ్గా 62 పడతాయి, కానీ రౌటర్ ఇంటర్‌ఫేస్‌కు చోటుండదు. గేట్‌వే అడ్రస్ ఆ 62లోనే కలిసి ఉందో లేదో ప్రశ్న మళ్ళీ చదివి చూసుకోండి. లేకపోతే /25 ఇవ్వాలి.

చివర్లో కూడి చూడండి: 128 + 64 + 32 + 4 + 4 = 232. మిగిలినవి .232 నుంచి .255 వరకు, 24 అడ్రస్‌లు.