కేస్ అనాలిసిస్: కెలాగ్స్ ఇండియాలో రెండో డబ్బా ఎందుకు అమ్మలేకపోయింది

మార్కెటింగ్ మేనేజ్‌మెంట్, రెండో సెమిస్టర్, గ్రూప్ 4

1991 తర్వాత మన మార్కెట్ ఓపెన్ అయ్యాక వచ్చిన పెద్ద ఫుడ్ కంపెనీల్లో కెలాగ్స్ ఒకటి. 1994లో 65 మిలియన్ డాలర్ల పెట్టుబడితో దిగింది, ముంబై దగ్గర తలోజాలో ఫ్యాక్టరీ పెట్టింది, కార్న్ ఫ్లేక్స్‌తో మొదలుపెట్టి గోధుమ, బాస్మతి ఫ్లేక్స్ కూడా తెచ్చింది. పేరు అందరికీ తెలుసు, యాడ్స్ బాగా తిరిగాయి, మొదట్లో సేల్స్ కూడా బాగానే ఉన్నాయి. కానీ 1995 ఏప్రిల్‌కి వచ్చేసరికి అమ్మకాలు మార్చితో పోలిస్తే 25 శాతం పడిపోయాయి.

క్లాసులో ఈ కేస్ డిస్కస్ చేసినప్పుడు ఎక్కువమంది చెప్పిన కారణం ధర. లోకల్‌గా దొరికే మోహన్ మీకిన్ కార్న్ ఫ్లేక్స్ కంటే కెలాగ్స్ రేటు ఎక్కువే, అది నిజమే. కానీ మా గ్రూప్ దాన్ని మెయిన్ కారణంగా ఒప్పుకోవట్లేదు, ఎందుకంటే ధరే అడ్డమైతే మొదటి డబ్బా కూడా అమ్ముడుపోకూడదు కదా. కొత్త ఫారిన్ వస్తువు ఎలా ఉంటుందో చూద్దామని జనం కొన్నారు, రుచి చూశారు, మళ్ళీ కొనలేదు. అంటే ట్రయల్ వచ్చింది, రిపీట్ రాలేదు. కాబట్టి డబ్బా ఇంటికెళ్ళాక ఏం జరిగిందో చూడాలి.

ఇంట్లో జరిగింది ఇదీ. మన దగ్గర పాలు కాచకుండా ఎవరూ వాడరు, విరిగిపోతాయని పొద్దున్నే స్టవ్ మీద పెట్టేస్తారు, పిల్లలకి వేడివేడిగానే ఇస్తారు. ఆ పాలు ఫ్లేక్స్ మీద పోస్తే నిమిషంలో అంచులు మెత్తబడి, రెండు చెంచాలు తినేలోపు గిన్నెలో అంతా జావ అయిపోతుంది. కరకరలాడుతుందని చెప్పి అమ్మిన వస్తువు అసలు కరకరలాడనే లేదు. పోనీ పాలు చల్లార్చి పోద్దామంటే చక్కెర సరిగ్గా కరగదు, అడుగునే ఉండిపోతుంది, పైగా అప్పట్లో చాలా ఇళ్ళల్లో ఫ్రిజ్ కూడా లేదు. అమెరికాలో ఫ్రిజ్‌లోంచి తీసిన పాలకి సరిపోయేలా చేసిన ప్రొడక్ట్‌ని మన వంటింట్లో ఎవరైనా నెల రోజులు గమనించి ఉంటే ఇదంతా లాంచ్‌కి ముందే బయటపడేది. మాకు ఈ కేస్‌లో అన్నిటికంటే బాధ అనిపించింది ఈ పాయింటే, ఎందుకంటే దీనికి పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు.

రెండోది ఆకలి. ఇడ్లీ, ఉప్మా, దోశ, ఉత్తరాదిలో పరాఠా తిన్నవాళ్ళకి మధ్యాహ్నం దాకా కడుపు నిండినట్టు ఉంటుంది, నోటికి కారం, పచ్చడి తగులుతుంది. ఒక గిన్నె తియ్యటి ఫ్లేక్స్ తింటే పదింటికల్లా మళ్ళీ ఏదో ఒకటి కావాలి. అంటే జనం దీన్ని టిఫిన్ కింద లెక్కేయలేదు, టిఫిన్‌తో పాటు తినే ఇంకో ఐటమ్‌లా చూశారు, మరి అలాంటప్పుడు రోజూ ఆ రేటు పెట్టి ఎందుకు కొంటారు. ధర సమస్య అయింది ఇక్కడే, రిపీట్ దగ్గర.

మూడోది పొజిషనింగ్. యాడ్స్ మెసేజ్ మొత్తం ఆరోగ్యం చుట్టూ తిరిగింది, మీ పొద్దుటి టిఫిన్‌లో నూనె ఎక్కువ, బలం తక్కువ అన్నట్టు వినిపించింది. కొనాల్సింది ఎవరు? పొద్దున్నే లేచి ఆ టిఫిన్ చేసే అమ్మ. ఆవిడ చేసే పనే తప్పు అని చెప్పి ఆవిడ చేతే డబ్బా కొనిపించాలనుకున్నారు, ఇది మాకు పెద్ద స్ట్రాటజీ తప్పుగా అనిపిస్తుంది.

తర్వాత కంపెనీ దారి మార్చుకుంది. 1996లో చోకోస్, 1997లో ఫ్రాస్టీస్ తెచ్చి పిల్లల వైపు తిరిగింది, 1998లో మజ్జా పేరుతో మామిడి-యాలకుల లాంటి మన ఫ్లేవర్లు పెట్టింది, చిన్న ప్యాకెట్లు కూడా తెచ్చింది. వీటిలో చోకోస్ ఐడియానే మాకు బాగా నచ్చింది, ఎందుకంటే చాక్లెట్ రుచికి మెత్తబడ్డా పెద్ద నష్టం లేదు, పాలు కూడా చాక్లెట్ పాలైపోతాయి, పిల్లాడు గిన్నె ఖాళీ చేస్తాడు. ఫ్లేవర్ ఒక్కటే మార్చితే చాలదు, వేడి పాలతో వచ్చే గొడవ అలాగే ఉంటుంది.

మా రికమెండేషన్: అప్పట్లో మేమే బ్రాండ్ టీమ్‌లో ఉంటే దేశమంతా ఒకేసారి వెళ్ళకుండా ఒక సిటీలో 200 ఇళ్ళకి నాలుగు వారాల సరుకు ఇచ్చి, వేడి పాలతోనే వాడమని చెప్పి, ఆ సరుకు అయిపోయాక సొంత డబ్బుతో ఎంతమంది కొంటున్నారో కొలిచేవాళ్ళం. ఆ నంబర్ తక్కువొస్తే ఫ్లేక్స్ మందం మార్చి మళ్ళీ టెస్ట్ చేయడం, లేదా టిఫిన్‌తో పోటీ మానేసి స్కూల్ నుంచి వచ్చిన పిల్లల సాయంత్రం స్నాక్‌గా చిన్న ప్యాకెట్‌లో పెట్టడం. యాడ్ బడ్జెట్ రిలీజ్ చేసేది ఆ నంబర్ చూశాకే.