సెక్యూరిటీ సేవల ఒప్పంద పత్రం

2025 మే 28న హైదరాబాద్‌లో, నిజాంపేటలోని మల్లెపందిరి అపార్ట్‌మెంట్స్ ఫ్లాట్ యజమానుల సంక్షేమ సంఘం (ఇకపై "సంఘం"), కోటబురుజు సెక్యూరిటీ సర్వీసెస్ (ఇకపై "ఏజెన్సీ") కుదుర్చుకున్న ఒప్పందం ఇది. సంఘం తరఫున అధ్యక్షుడు, కార్యదర్శి, ఏజెన్సీ తరఫున యజమాని సంతకం చేస్తున్నారు. ఒప్పందం 2025 జూన్ 1 ఉదయం 6 గంటల నుంచి 2026 మే 31 వరకు అమల్లో ఉంటుంది.

మూడు బ్లాకులు, 120 ఫ్లాట్లు, రెండు గేట్లు, ఒక సెల్లార్ ఈ కాపలా కిందికి వస్తాయి. గత ఫిబ్రవరిలో బి బ్లాక్ సెల్లార్ నుంచి ఒకే రాత్రి రెండు సైకిళ్లు, ఒక స్కూటర్ బ్యాటరీ పోయాయి. అప్పటి ఒప్పందంలో "తగు జాగ్రత్త తీసుకోవాలి" అని తప్ప ఇంకేమీ లేకపోవడంతో ఎవరూ బాధ్యత తీసుకోలేదు. అందుకే ఇందులో కొన్ని విషయాలు విడమరిచి రాసుకున్నాం.

1. సిబ్బంది

డ్యూటీ 8 గంటలు. షిఫ్టులు ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10, రాత్రి 10 నుంచి ఉదయం 6. మెయిన్ గేటు దగ్గర ఒకరు, సెల్లార్ వైపు వెనక గేటు దగ్గర ఒకరు అన్ని షిఫ్టుల్లోనూ ఉండాలి. రాత్రి షిఫ్టులో తిరుగుతూ కాపలా కాసే మూడో గార్డు ఉండాలి. వారపు సెలవులు కలుపుకుని ఇందుకు మొత్తం 9 మందిని ఏజెన్సీ కేటాయించాలి. ఎవరైనా రాకపోతే రెండు గంటల్లోగా రిలీవర్‌ను పంపాలి. అంతవరకు ముందు షిఫ్టు గార్డు పోస్టు వదలకూడదు. అయితే ఒకే మనిషి చేత వరుసగా రెండు షిఫ్టులకు మించి చేయించకూడదు. 24 గంటలు మెలకువగా ఉన్నవాడు కాపలా కాయలేడు.

ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల (నియంత్రణ) చట్టం, 2005 కింద తెలంగాణలో పనిచేయడానికి తీసుకున్న లైసెన్సు కాపీని ఏజెన్సీ సంఘానికి ఇచ్చింది. ఒప్పంద కాలమంతా ఆ లైసెన్సు చెల్లుబాటులో ఉండాలి. ప్రతి గార్డు వయసు 18 నుంచి 65 ఏళ్ల మధ్య ఉండాలి, చట్టం చెప్పిన శిక్షణ పూర్తయి ఉండాలి. పోలీసు వెరిఫికేషన్ కాగితం, ఫొటో, ఆధార్ కాపీ డ్యూటీలో చేరే రోజుకే సంఘం ఆఫీసులో ఉండాలి. "వస్తోంది సార్, రెండు రోజుల్లో" అనే మాట చెల్లదు. యూనిఫాం పోలీసు, సైనిక దుస్తులను పోలి ఉండకూడదు.

మెయిన్ గేటు గార్డుకు తెలుగు, హిందీ రెండూ మాట్లాడటం రావాలి, రిజిస్టర్ రాయగలగాలి. రాత్రి తిరిగే గార్డు ప్రతి గంటకు సెల్లార్, సంపు మోటార్ల గది, మూడు టెర్రస్ తలుపులు చూసి, అక్కడ వేలాడదీసిన పుస్తకంలో టైం వేసి సంతకం చేయాలి. ఉదయాన్నే ఎనిమిది సంతకాలూ ఒకేసారి పెట్టినట్టు తేలితే ఆ రాత్రి కాపలా లేనట్టే లెక్క.

కార్లు కడగడం, సరుకులు మోయడం, పిల్లల్ని స్కూల్ బస్సు ఎక్కించడం గార్డుల పని కాదు. ఫ్లాట్ యజమానులు ఆ పనులు చెప్పకుండా చూసే బాధ్యత సంఘానిది. గార్డు ఎవరింటి పనిమీదో ఉండగా దొంగతనం జరిగితే ఆ విషయం కూడా విచారణలో లెక్కలోకి వస్తుంది.

2. చెల్లింపు

ఒక్కో గార్డుకు నెలకు రూ. 22,000 చొప్పున 9 మందికి రూ. 1,98,000. దీనిపై 18 శాతం జీఎస్టీ రూ. 35,640 కలిపి మొత్తం రూ. 2,33,640. పీఎఫ్, ఈఎస్ఐ, యూనిఫాం, రిలీవర్ల ఖర్చు అన్నీ ఇందులోనే. బిల్లు అందిన 10 రోజుల్లో చట్టప్రకారం టీడీఎస్ కోసుకుని సంఘం చెల్లిస్తుంది. గార్డు చేతికి నెలకు రూ. 15,000 తగ్గకుండా, 7వ తేదీలోపు, బ్యాంకు ఖాతాలోనే జీతం పడాలి. గత నెల పీఎఫ్, ఈఎస్ఐ చలాన్లు జతచేయని బిల్లును సంఘం తీసుకోదు.

ఏజెన్సీ రూ. 2,00,000 డిపాజిట్ చేసింది. దీనిపై వడ్డీ ఉండదు.

3. దొంగతనం జరిగితే

సెల్లార్, లిఫ్టు, మోటార్ల గది, టెర్రస్, క్లబ్ హాల్ వంటి ఉమ్మడి చోట్ల సంఘం సొమ్ముగానీ, తాళం వేసి నిలిపిన నివాసుల బండ్లు, సైకిళ్లుగానీ గార్డుల నిర్లక్ష్యం వల్ల పోతే ఏజెన్సీ నష్టపరిహారం చెల్లించాలి. పోస్టులో గార్డు లేడని, నిద్రపోతున్నాడని సీసీ కెమెరాలో కనిపించినా, బయటి మనిషి రిజిస్టర్‌లో ఎంట్రీ లేకుండా లోపలికి వచ్చినట్టు తేలినా నిర్లక్ష్యం ఉన్నట్టే. కాదని రుజువు చేసుకోవాల్సింది ఏజెన్సీ.

ఫ్లాట్ లోపల జరిగిన దొంగతనానికి, అలా ఎంట్రీ లేకుండా వచ్చిన మనిషే చేశాడని పోలీసు దర్యాప్తులో తేలితే ఏజెన్సీ బాధ్యత ఉంటుంది. తలుపు తాళం వేయకుండా వెళ్లినా, తాళంచెవి చెప్పుల స్టాండులో పెట్టినా, ఇంటివాళ్లే పెట్టుకున్న పనిమనిషి మీద అనుమానం ఉన్నా ఏజెన్సీకి సంబంధం లేదు. బండికే తాళంచెవి వదిలేసిన కేసులకూ ఇదే వర్తిస్తుంది.

పోయినట్టు తెలిసిన 24 గంటల్లో యజమాని సంఘానికి రాతపూర్వకంగా చెప్పాలి, పోలీసులకు ఫిర్యాదు ఇవ్వాలి. సంఘం అదే రోజు కెమెరా రికార్డింగును వేరే డ్రైవ్‌లో భద్రపరచాలి. కొన్నాళ్లకు పాతది చెరిగి కొత్తది ఎక్కుతుంది కాబట్టి ఇందులో ఆలస్యం పనికిరాదు. సంఘం నుంచి ఇద్దరు, ఏజెన్సీ నుంచి ఇద్దరు కూర్చుని 7 రోజుల్లో విచారణ ముగించాలి. పరిహారం ఖరారైతే 30 రోజుల్లో కట్టాలి, లేదంటే డిపాజిట్ నుంచి, ఆపై బిల్లు నుంచి మినహాయిస్తారు.

లెక్కగట్టేది వస్తువు కొన్న ధర కాదు, ఆనాటి విలువ. ఒక ఘటనకు రూ. 3,00,000, ఏడాది మొత్తానికి రూ. 6,00,000 పరిమితి. గార్డే దొంగతనంలో పాలుపంచుకున్నట్టు తేలితే ఈ పరిమితి వర్తించదు.

4. జరిమానాలు

పోస్టు ఖాళీగా ఉంటే షిఫ్టుకు రూ. 1,500, ఆ షిఫ్టు చార్జీ కూడా ఇవ్వరు. నిద్రపోతూ దొరికితే రూ. 500, మద్యం తాగి వస్తే రూ. 3,000, ఆ గార్డును అదే రోజు మార్చాలి. వెరిఫికేషన్ లేని మనిషిని పెడితే రోజుకు రూ. 1,000. కారణం చెప్పకుండా నెలలో ఇద్దరికి మించి గార్డులను మార్చితే, మూడో మనిషి నుంచి ఒక్కొక్కరికి రూ. 1,000.

ఈ జరిమానాలు ఏజెన్సీవి. గార్డు జీతంలోంచి కోయకూడదు. కోసినట్టు తెలిస్తే ఆ సొమ్ముకు రెట్టింపు తర్వాతి బిల్లులో తగ్గిస్తారు. జరిమానా వేసే ముందు ఫొటో లేదా రికార్డింగు చూపించి, సమాధానం చెప్పుకోడానికి ఏజెన్సీకి 3 రోజులు ఇవ్వాలి. ఒక కమిటీ సభ్యుడికి కోపం వచ్చినంత మాత్రాన జరిమానా పడదు. కార్యదర్శి, కోశాధికారి ఇద్దరి సంతకాలూ ఉండాలి.

5. ఒప్పందం రద్దు

కారణం చెప్పకుండానే సంఘం 30 రోజుల నోటీసుతో, ఏజెన్సీ 60 రోజుల నోటీసుతో తప్పుకోవచ్చు. ఏజెన్సీకి ఎక్కువ గడువు ఎందుకంటే, 9 మందిని కొత్తగా వెతికి వెరిఫికేషన్ చేయించడం నెలలో అయ్యే పని కాదు. సంఘం వరుసగా రెండు నెలలు బిల్లు చెల్లించకపోతే ఏజెన్సీ 15 రోజుల నోటీసుతో వెళ్లిపోవచ్చు.

లైసెన్సు రద్దయినా, గడువు ముగిసినా, గార్డు నేరంలో ఉన్నాడని తెలిసీ ఏజెన్సీ దాచినా, రెండు నెలలు పీఎఫ్ కట్టకపోయినా, ఒకే నెలలో మూడు రాత్రులు ఏ పోస్టయినా ఖాళీగా ఉన్నా సంఘం నోటీసు లేకుండా రద్దు చేయవచ్చు.

చివరి రోజు తాళాల గుత్తి, రిజిస్టర్లు, వాకీటాకీలు, టార్చిలైట్లు కొత్త గార్డులకు లెక్కపెట్టి అప్పగించాలి. సంఘం అదే రోజు సీసీ కెమెరా పాస్‌వర్డ్ మార్చుకుంటుంది. బాకీలు తేల్చుకుని 30 రోజుల్లో డిపాజిట్ తిరిగి ఇవ్వాలి.

6. వివాదాలు

ముందు కూర్చుని మాట్లాడుకోవాలి. 15 రోజుల్లో తెగకపోతే మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా కోర్టుల పరిధిలో తేల్చుకోవాలి.

సంతకాలప్పుడు ఇరువర్గాలూ ఒప్పుకుని చేతిరాతతో చేర్చినది: వెనక గేటు దగ్గర గార్డుకు ఫ్యాను, కుర్చీ, మంచినీళ్ల క్యాను, సెల్లార్‌లోని బాత్రూం తాళంచెవి సంఘం జూన్ 1 నాటికే ఇవ్వాలి. ఇవి ఇవ్వని రోజుల్లో ఆ గార్డు పోస్టు వదిలి వెళ్లాడని జరిమానా వేయకూడదు.

సంఘం తరఫున: అధ్యక్షుడు (సంతకం), కార్యదర్శి (సంతకం)
ఏజెన్సీ తరఫున: యజమాని (సంతకం, ముద్ర)
సాక్షులు: ఫ్లాట్ ఎ-302 యజమాని (సంతకం), ఫ్లాట్ సి-104 యజమాని (సంతకం)