మాట ఇచ్చి వాయిదా వేస్తున్న ఖాతాదారుతో బకాయి వసూలుకు ఫోన్ సంభాషణ

సందర్భం: అట్టపెట్టెల సరఫరాకు సంబంధించిన ఇన్వాయిస్ 2147, బకాయి 1,84,000 రూపాయలు. చెల్లింపు గడువు జూన్ 10తో ముగిసింది. ఖాతాదారు జూన్ 20న, జూలై 1న, జూలై 8న చెల్లిస్తామని వరుసగా మాట ఇచ్చారు గానీ ఇంతవరకు ఏమీ జమ కాలేదు. ఈ ఫోన్ జూలై 11, శుక్రవారం ఉదయం చేయాలి. పాత సంభాషణల నోట్లు ఎదురుగా పెట్టుకున్న తరువాతే నంబరు కలపాలి, ఎందుకంటే ఈ ఖాతాదారు మర్యాదగానే మాట్లాడతారు, ఆ మర్యాదకే మనవాళ్లు ప్రతిసారీ మెత్తబడ్డారు.

ఉద్యోగిని: నమస్కారమండీ. మీకు అట్టపెట్టెలు సరఫరా చేసే సంస్థ ఖాతాల విభాగం నుంచి మాట్లాడుతున్నాను. నేను మాట్లాడుతున్నది సంస్థ యజమానితోనేనా?

(అవునని నిర్ధారించుకునే వరకు బకాయి మాట ఎత్తకూడదు. వేరొకరు ఫోన్ తీస్తే, యజమాని ఎప్పుడు అందుబాటులో ఉంటారో మాత్రం అడిగి పెట్టేయాలి.)

ఖాతాదారు: అవునమ్మా, నేనే. ఆ బిల్లు గురించే కదా? వచ్చే వారం తప్పకుండా చూస్తాను.

ఉద్యోగిని: ధన్యవాదాలండీ. ఇన్వాయిస్ 2147 కింద 1,84,000 రూపాయలు జూన్ 10 నాటికి రావలసి ఉంది. ఆ తరువాత మీరు జూన్ 20 అని, జూలై 1 అని, చివరికి జూలై 8 అని చెప్పారు. ఆ మూడు తేదీలూ దాటిపోయాయి. అందువల్ల ఈ రోజు మరొక తేదీ మాత్రమే రాసుకుని ఫోన్ పెట్టేయలేను. ముందుగా ఒక్క విషయం తెలుసుకోవాలి: సరుకులో గానీ బిల్లులో గానీ మీకు ఏదైనా అభ్యంతరం ఉందా?

(ఇక్కడ ఆగాలి. ఎంతసేపు మౌనంగా ఉన్నా మనం మాట అందుకోకూడదు. అభ్యంతరం ఉందంటే అది ఏమిటో రాసుకుని, వివాదాన్ని అమ్మకాల విభాగానికి పంపి, వివాదం లేని మొత్తం వరకే సంభాషణ కొనసాగించాలి.)

ఖాతాదారు: అబ్బే, సరుకు బాగానే ఉంది. మాకు రావలసిన డబ్బే ఆగిపోయింది. అది రాగానే మొత్తం ఒకేసారి పంపేద్దామని ఆగాను.

ఉద్యోగిని: మీ ఇబ్బంది అర్థమైందండీ. అయితే ఆ డబ్బు ఎప్పుడు వస్తుందో మీ చేతుల్లో లేదు కనుక, దాని మీద ఆధారపడి చెప్పే తేదీ మళ్లీ తప్పే అవకాశం ఉంది. దానితో సంబంధం లేకుండా ఈ రోజు మీ ఖాతా నుంచి ఎంత పంపగలరు?

ఖాతాదారు: ఈ రోజా? ఇరవై వేలు పంపగలనేమో.

ఉద్యోగిని: ఇంతకుముందు మూడు తేదీలు తప్పాయి కాబట్టి, మిగిలిన మొత్తానికి వాయిదాలు ఇవ్వాలంటే ఈ రోజు దాదాపు మూడో వంతైనా రావాలని మా విభాగం నిర్ణయించింది. 60,000 రూపాయలు ఈ రోజు పంపి, మిగిలిన 1,24,000 రూపాయలను జూలై 18న 62,000, జూలై 25న 62,000 చొప్పున చెల్లించగలరా?

ఖాతాదారు: అరవై కష్టమే... సరే, సర్దుతాను. మరి మా కొత్త ఆర్డరు పంపుతారా?

ఉద్యోగిని: ఈ రోజు 60,000 రూపాయలు మా ఖాతాలో జమ అయిన తరువాత ఆర్డరును సిద్ధం చేయిస్తాము, జూలై 18 నాటి వాయిదా అందాక సరుకు పంపుతాము. వాయిదా తప్పితే సరఫరా ఆగుతుంది, మొత్తం బకాయికి లిఖితపూర్వకమైన నోటీసు వస్తుంది. ఇది బెదిరింపుగా అనుకోవద్దు, జరగబోయేది మీకు ముందే తెలియాలని చెబుతున్నాను.

ఖాతాదారు: సరేనమ్మా, సాయంత్రం పంపిస్తాను.

ఉద్యోగిని: సాయంత్రం అంటే ఎన్ని గంటలకండీ? బదిలీ చేసేది మీరేనా, మీ అకౌంటెంటా?

ఖాతాదారు: అకౌంటెంటు చేస్తాడు. నాలుగు గంటలలోపు.

ఉద్యోగిని: అలాగేనండీ. ఈ రోజు నాలుగు గంటలలోపు 60,000, జూలై 18న 62,000, జూలై 25న 62,000. ఇదే విషయాన్ని ఇప్పుడే మెయిల్‌లో పంపుతున్నాను. దయచేసి "అంగీకరిస్తున్నాను" అని జవాబు ఇవ్వండి. బదిలీ అయిన వెంటనే లావాదేవీ సంఖ్యను అదే మెయిల్‌కు పంపండి. నాలుగున్నరకు మా ఖాతా చూసుకుని, జమ కాకపోతే మీకే ఫోన్ చేస్తాను.

ఖాతాదారు: సరే, పంపండి.

ఉద్యోగిని: ధన్యవాదాలండీ, ఉంటాను.

(ఫోన్ పెట్టేసిన వెంటనే మెయిల్ పంపి, ఖాతాదారు అన్న మాటలను అన్నట్టుగానే నోట్లలో రాయాలి. నాలుగున్నరకు డబ్బు రాకపోతే ఒక్కసారి ఫోన్ చేసి, "నాలుగు గంటలకు రావలసిన 60,000 రూపాయలు ఇంకా అందలేదండీ, బదిలీ మొదలైందా?" అని మాత్రమే అడగాలి. కొత్త తేదీ చెబితే ఒప్పుకోకుండా, ఫైలును అదే సాయంత్రం విభాగాధిపతికి అప్పగించాలి.)