నీలం గీతల అంగీ

ఆ అంగీ కుట్టింది నేనే. అందుకే దాన్ని ఎవరైనా ఏమైనా అంటే ముందు నాకు తగిలేది.

నా దోస్తు తిరుపతి డిగ్రీ పాసైన ఏడు, వరంగల్ చౌరస్తా నుంచి స్టేషన్ రోడ్డుకు పోయే గల్లీలో నేను కొత్తగా మిషన్ పెట్టుకున్నాను. బోణీ అంగీ అదే. లేత నీలం మీద సన్న గీతలు, పూర్తి కాటన్. కొత్తవాడలో మగ్గం మీద జంపఖానాలు నేసే వాళ్ల నాయన తానే పోయి బట్ట ఎంచుకొచ్చాడు, దారం వేళ్ల మధ్య నలిపి చూసి మరీ. నాకప్పటికి చేయి తిరగలేదు. ఎడమ భుజం పావు అంగుళం కిందికి జారింది. ఎవరూ గమనించలేదు. నాకు మాత్రం అది ఇప్పటికీ కనిపిస్తుంది.

ఆ అంగీతో పోయిన మొదటి ఇంటర్వ్యూలోనే సెలెక్ట్ అయ్యాడు. స్వీట్లు పంచారు. జాయినింగ్ వచ్చే నెల అన్నారు, తర్వాత ఆ పై నెల అన్నారు, ఆ తర్వాత వాళ్ల ఫోనే కలవలేదు.

"కంపెనీ మోసం చేసింది గని అంగీ ఏం చేసిందిరా? అది తన పని తాను చేసింది" అనేవాడు తిరుపతి.

అక్కణ్ణుంచి నాలుగేళ్లు, పదకొండు ఇంటర్వ్యూలు, అదే అంగీ. ముందు రోజు సాయంత్రం వాళ్లమ్మ ఉతికి, మగ్గానికి కట్టిన తాడు మీద ఆరేసేది. రాత్రి వాడే ఇస్త్రీ చేసుకునేవాడు. కాలర్ ఒకసారి చిరిగితే తిరగేసి కుట్టిచ్చాను. కాలర్‌ను తిరగెయ్యడం ఒక్కసారే కుదురుతుంది, రెండోసారికి మూడో వైపు ఉండదు కదా. మధ్యలో మనిషి చిక్కిపోయాడు. బట్టల షాపులో లెక్కలు రాసే పని, పొద్దున పదికి పోతే రాత్రి పది. అంగీ మాత్రం పాత కొలతలోనే ఉంది. వెనక నుంచి చూస్తే కొయ్యకు తగిలించినట్టు ఉండేది.

ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. "కొత్తది కుడతరా, పైసలు తర్వాత ఇద్దువు" అంటే "జాబ్ వచ్చినంక కుట్టు" అనేవాడు.

ఒక సోమవారం మధ్యాహ్నం వచ్చాడు. బుధవారం ఉప్పల్‌లో ఇంటర్వ్యూ ఉందట, ఒక మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర అకౌంట్స్ పని. బయట ఎండ మండుతోంది. కుర్చీలో కూర్చుని జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. తెల్ల రుమాలు నీలంగా అయింది.

"ఏందిరా అది?"

"ఏం లేదు."

లేచి కాలర్ పట్టుకుని చూశాను. అంచు పూర్తిగా అరిగి తెల్లటి పోగులు తేలాయి. ఆ తెలుపు కనిపించకుండా బాల్ పెన్నుతో రంగేశాడు, గీత గీతకు, చాలా ఓపికగా. షాపు లెక్కలు రాసే పెన్నే అయ్యుంటుంది. చెమటకు ఆ సిరా కారి మెడ మీద సన్న చారికలు కట్టింది.

నేనేమీ అనలేదు. షాపు షట్టర్ సగం దించి, టేపు తీశాను. ఈసారి వాడూ ఏమీ అనలేదు.

చాతీ ముప్పై ఎనిమిది. నాలుగేళ్ల కింద నా పుస్తకంలో నలభై రెండు ఉంది. భుజం పదిహేడున్నర. మెడ పదిహేను. కొలత రాస్తుంటే పెన్ను ఆగింది. ఆ పుస్తకంలో వాడి పేరు పక్కన వేరే కొలతలే లేవు.

రంగు దగ్గర గొడవ పడ్డాం. వాడు మళ్లీ నీలమే అన్నాడు. నేను మీగడ తెలుపు తీశాను. నల్లటి మనిషికి అది ముఖం మీద వెలుతురు పడ్డట్టు ఉంటుంది. ఫుల్ చేతులకు మీటరు అరవై సరిపోయింది. పాంటు కొత్తది అక్కర్లేదని, ఉన్న నల్ల పాంటునే మోకాళ్ల కింద సన్నం చేసి, కాళ్ల దగ్గర ముడతలు పడకుండా అంగుళంన్నర ఎత్తి కుట్టాను. బెల్టు నాది ఇచ్చాను, రెండు రంధ్రాలు ఎక్కువ పొడిచి. బూట్లకు పాలిష్ చాలు. పక్కన సెలూన్‌లో కూర్చోబెట్టి, చెవుల మీద పడుతున్న జుట్టు తీయించాను. గడ్డం తీసేస్తానంటే వద్దన్నాను, దవడలు లోపలికి పోయిన ముఖానికి సన్నగా ట్రిమ్ చేసిన గడ్డమే నయం. మంగలి అన్న కూడా నా మాటే అన్నాడు. కటింగ్ డబ్బులు తీసుకోలేదు.

అంతా అయ్యాక అసలు మాట బయటపెట్టాడు.

"శ్రీనూ, ఒక్క పని చెయ్యిరా. ఆ పాతదాంట్లకెళ్లి ఒక ముక్క కోసి దీని కాలర్ లోపల పెట్టు. ఎవ్వలకు కనవడది. నాకు తెలిస్తె చాలు."

నవ్వబోయి ఆగాను. పాత అంగీ విప్పి నా చేతిలో పెట్టి, లోపల వేసుకున్న బనీను మీదే బండెక్కి ఇంటికి పోయాడు.

మంగళవారం రాత్రి పదకొండు దాటాక కాలర్‌కు వచ్చాను. పాతదాని వెనక కింది అంచు కోశాను, అదొక్కటే గట్టిగా ఉంటుందని. సూది దిగగానే బట్ట విచ్చుకుపోయింది. చీకిపోయింది. ఇంకోచోట కోశాను, అదీ అంతే. నాలుగేళ్ల చెమట, నాలుగేళ్ల ఇస్త్రీ. కాలర్ పట్టీలో అలాంటిది పెడితే మొదటి ఉతుకుకే ముద్ద కడుతుంది. తెల్లారి ఆరింటికి బస్సు. కట్‌పీసుల సంచిలో చేయి పెట్టి, చేతికి దొరికిన నీలం ముక్క ఒకటి తీసి వేసేశాను.

హనుమకొండ బస్టాండులో అంగీ ఇచ్చాను. అక్కడే వేసుకున్నాడు. కాలర్ మీద వేలు పెట్టి, "పెట్టినవా?" అన్నాడు.

"పెట్టిన."

భుజాలు రెండూ సమంగా ఉన్నాయి. ఆ ఒక్కటి మాత్రం చూసుకుని తృప్తి పడ్డాను. బస్సు కదిలాక కూడా చాలాసేపు అక్కడే నిలబడ్డాను, టీ చల్లారిపోయింది.

తొమ్మిది రోజులకు ఫోన్ వచ్చింది. అటునుంచి ముందు వాళ్లమ్మ ఏడుపు వినపడింది, తర్వాత వాడి గొంతు. ఈసారి స్వీట్లు పంచలేదు. జాయినై, జీతం పడ్డాకే పంచుతామన్నారు. పంచారు కూడా.

మొదటి జీతం పడ్డ ఆదివారం షాపుకొచ్చాడు. చేతిలో రెండు అంగీల బట్ట ఉంది. ఒకటి లేత బూడిద రంగు, ఇంకోటి మళ్లీ నీలమే. కొలత తీయబోతే, "అదే పెట్టు, మారలే" అన్నాడు. ముఖం మాత్రం కొంచెం నిండింది, మెడ దగ్గర పావు అంగుళం వదిలాను.

ఇక ఉండలేకపోయాను. "ఒరేయ్, ఒకటి చెప్పాలె. ఆ రోజు కాలర్ల పెట్టిన ముక్క..."

"టెరికాటన్" అన్నాడు.

చేతిలో టేపు అలాగే ఉండిపోయింది.

"రఘునాథపల్లి దాటినంక కాలర్ మెడకు రాసుకుంటుంటె ఒక మూల విప్పి లోపలికి వేలు పెట్టి చూసిన. నేత ఇంట్ల పుట్టినోన్ని. కాటన్ ఏందో, కానిదేందో వేలుకు తెల్వదారా?"

"మరి బస్సు దిగి వాపస్ రాకపోయినవ్?"

"జనగామల దిగుదామనే లేసిన" అన్నాడు. కిటికీ అద్దంలో తన నీడ చూసుకుంటూ కాలర్ సర్దుకున్నాడు. "కండక్టర్ 'ఏం సార్, దిగుతరా' అన్నడు. సార్ అన్నడురా. కూసున్న."

బట్ట చాపి, నీలంది ముందు తీశాను. గీతల్లేవు.

"పాత అంగీ ఏది?" అన్నాడు.

మిషన్ కింద చూపించాను. మా ఆవిడ దాన్ని నాలుగు ముక్కలు చేసింది, నూనె తుడవడానికి. వంగి ఒక ముక్క తీసి, వేళ్ల మధ్య నలిపి చూసి, మళ్లీ అక్కడే పెట్టాడు.

"బుధవారం లోపల కావాలె" అన్నాడు. "లోపల ఏం పెట్టకు."