ఆషాఢం నుండి సెలూన్ నీ చేతికి: సత్యవతికి రాసిన లేఖ

విజయనగరం

చిరంజీవి సత్యవతికి ఆశీస్సులు.

పోయిన మంగళవారం షట్టరు దించాక మనం మాట్లాడుకున్నదంతా కాగితం మీద పెడతానని నీకు మాట ఇచ్చాను. నోటిమాటగా వదిలేస్తే రేపు ఏదైనా తేడా వచ్చినప్పుడు నీకు ఒకలా, నాకు ఒకలా గుర్తుంటుంది. అందుకే రాబోయే నాలుగు నెలల్లో నువ్వు ఏమి నేర్చుకోవాలో, నేను ఏమి వదులుకోవాలో, దానికి నీకు ఏమి ముట్టాలో ఇందులో రాస్తున్నాను.

నిన్నే ఎందుకు అనుకున్నానో ముందు చెప్పాలి. నీ కత్తెర పనితనం చూసి మాత్రమే కాదు. మొన్న మాఘమాసంలో పార్వతీపురం వైపు నుండి ఒక పెళ్ళికూతురిని వాళ్ళమ్మ తీసుకువచ్చింది, గుర్తుంది కదా. ముందు పాపిట దగ్గర నాలుగు తెల్ల వెంట్రుకలు కనబడుతున్నాయనీ, వెంటనే నల్ల రంగు వేయాలనీ ఆమె పట్టుబట్టింది. నువ్వు చెవి వెనుక రంగు చుక్క పెట్టి, అది ఒంటికి పడుతుందో లేదో చూడటానికి 48 గంటలు ఆగమన్నావు. మర్నాటికే అక్కడ ఎర్రగా పొంగి దురద మొదలైంది. అయినా ఆ తల్లి వినకుండా కౌంటరు దగ్గర నిలబడి కేకలు వేస్తుంటే, గొడవ ఎందుకు, వేసేయమని చెబుదామని నేను నోరు తెరవబోయాను. నువ్వు నా వైపు చూడనైనా చూడలేదు. రంగు వేయనని నెమ్మదిగా చెప్పి, పెళ్ళినాడు ఆ నాలుగు వెంట్రుకలను పాపిటబిళ్ళ కింద ఎవరికీ కనబడకుండా సర్దావు. ఆ పిల్ల ముఖం వాచకుండా పీటల మీద కూర్చుందంటే అది నీ నిర్ణయం వల్లనే. షాపులో యజమాని బుద్ధి నాకంటే నీకు ముందు పనిచేసిందని నాకు ఆ రోజే తెలిసింది.

ఇంకొక సంగతి కూడా నీకు తెలిసి ఉండాలి. ఆరేళ్ళ క్రితం మరొక సీనియర్ అమ్మాయికి ఇదే బాధ్యత ఇచ్చాను. తాళాలు ఇచ్చాను, మేనేజరు అని పిలిచాను, కాని నిర్ణయం మాత్రం ఇవ్వలేదు. ఆమె సెలవు కాదన్న పిల్ల నాకు ఫోను చేస్తే నేను సరేననేదాన్ని. ఆమె తగ్గించనన్న బిల్లును తెలిసినవాళ్ళు అడిగారని నేను తగ్గించేదాన్ని. ఎనిమిది నెలలకు ఆమె మానేసింది. తప్పు నాది. అందుకే ఈసారి నేర్చుకోవలసినది నీకంటే నాకే ఎక్కువగా ఉంది.

ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కనుక ఆ నెలంతా డబ్బు, సరుకు లెక్కలు నేర్చుకో. ఉదయం గల్లాపెట్టెలో ఉంచిన చిల్లర, రాత్రి నగదు, ఫోనులో పడిన మొత్తం, బిల్లు పుస్తకం, ఈ నాలుగూ ప్రతిరోజూ సరిపోవాలి. సరిపోకపోతే పది రూపాయల తేడా అయినా తేడాగానే రాయాలి. చేతి డబ్బు వేసి సరిపెట్టవద్దు. సరుకులో నువ్వు అన్నిటికంటే ముందు రంగు మీద దృష్టి పెట్టాలి. 2025 సెప్టెంబరు 22 నుండి మన సేవల మీద జీఎస్టీ 18 నుండి 5 శాతానికి తగ్గింది కాని, దానితోపాటు కొన్న సరుకు మీద కట్టిన పన్నును తిరిగి సర్దుకునే వీలు పోయింది. అంటే గిన్నెలో మిగిలి సింకులోకి పోయే రంగు ఖరీదు పన్నుతో సహా మనకే నష్టం. పిల్లలు కంటి అంచనాతో ట్యూబు పిండుతున్నారు. 60 గ్రాముల ట్యూబులో ఎంత వాడారో, ఎంత డెవలపర్ కలిపారో, అది ఎన్ని వాల్యూములదో కాటా మీద తూచి, కస్టమరు కార్డు మీద రాయించు. వచ్చేసారి ఆమెకు రంగు వేసేది ఎవరైనా అదే ఛాయ రావడానికి కూడా ఆ కార్డే ఆధారం.

శ్రావణంలో బుకింగులన్నీ నీవే. ఒకే ముహూర్తానికి ఇద్దరు పెళ్ళికూతుళ్ళను ఒప్పుకోవచ్చా, ఎవరిని ఇంటికి పంపాలి, అడ్వాన్సు ఎంత తీసుకోవాలి అన్నవి నువ్వే నిర్ణయిస్తావు. భాద్రపదంలో మళ్ళీ తీరిక దొరుకుతుంది కనుక మనుషుల సంగతి అప్పుడు చూసుకో.

అన్నిటిలోకి కష్టమైనది ఇదే. నిన్నటిదాకా నీ పక్క కుర్చీలో పనిచేస్తూ, నీతో టిఫిను పంచుకున్న పిల్లలకు నువ్వు ఇప్పుడు తప్పు చెప్పాలి. కస్టమరు ముందు ఎప్పుడూ చెప్పవద్దు. అద్దంలో కస్టమరుకు అంతా కనబడుతుంది. లోపలి గదిలోకి పిలిచి, జరిగిన పని ఒక్కటే చెప్పు, పాతవి తవ్వవద్దు. దువ్వెనలు, కత్తెరలు శుభ్రం చేయకపోవడం, బ్లేడు మార్చకపోవడం మాత్రం మొదటిసారే గట్టిగా చెప్పవలసిన తప్పులు. వాడిన బ్లేడుతో ఒకరి రక్తం మరొకరికి తగిలితే హెపటైటిస్ లాంటి జబ్బు అంటవచ్చు. ఆ విషయంలో మొహమాటం వద్దు.

మధ్యాహ్నం ఒంటిగంట నుండి నాలుగింటి దాకా నువ్వు కుర్చీ దగ్గర ఉండకూడదు. నీ చేతికే అలవాటుపడిన కస్టమర్లు అలుగుతారు, కొందరు నీకే ఫోను చేస్తారు. వారిని ఒక్కొక్కరిగా పిల్లలకు నువ్వే పరిచయం చేసి, మొదటిసారి పక్కన నిలబడి చేయించు. లేకపోతే సాయంత్రానికి అటు మేనేజరు పనీ, ఇటు స్టైలిస్టు పనీ రెండూ సగంలోనే ఉంటాయి.

కుర్చీ దగ్గర గంటలు తగ్గితే నీ కమిషన్ తగ్గుతుంది, ఆ నష్టం నువ్వు మోయకూడదు. ఇప్పుడు నీకు జీతం 16,000, నీ పని మీద 10 శాతం కలిపి నెలకు సుమారు 25,000 వస్తోంది. ఆషాఢం నుండి జీతం 22,000. నీ చేతి పని మీద 10 శాతం అలాగే ఉంటుంది, షాపు మొత్తం వసూలు మీద 1 శాతం అదనం. నీ పని సగానికి తగ్గినా, వసూలు ఇప్పటిలా మూడు లక్షల దగ్గర ఉంటే నీకు 29,500 దాకా రావాలి.

పని నచ్చనివారికి మళ్ళీ ఉచితంగా చేయడం, 1,000 రూపాయల లోపు డబ్బు తిరిగి ఇవ్వడం, 5,000 లోపు మరమ్మతులు, సెలవులు, డ్యూటీలు, ఇవన్నీ నన్ను అడగకుండా చెయ్యి. ఒకరిని పనిలోంచి తీయాలన్నా, రేట్లు మార్చాలన్నా ముందు ఇద్దరం కూర్చుందాం. షాపు అద్దె, బ్యాంకు, పన్ను రిటర్నులు నా దగ్గరే ఉంటాయి. పిల్లలు ఎవరైనా నాకు ఫోను చేస్తే "సత్యక్కను అడుగు" అన్నది ఒక్కటే నా సమాధానం. నీ నిర్ణయం నాకు నచ్చకపోయినా దాన్ని వాళ్ళ ముందు మార్చను. మంగళవారం కటింగుకు ఎలాగూ జనం తక్కువే కనుక, ఉదయం పదకొండింటికి నువ్వూ నేనూ లెక్కల పుస్తకం ముందు కూర్చుని ఆ వారంలో జరిగినవి మాట్లాడుకుందాం.

ఆశ్వయుజంలో దసరా, ఆ వెంటనే పైడితల్లి అమ్మవారి సిరిమాను. తొలేళ్ళకు ముందు వారం మన వీధిలో కాలు పెట్టడానికి చోటు ఉండదని నీకు తెలుసు. ఆ వారమంతా నేను షాపుకు రాను. ఇంట్లోనే ఉంటాను. నిప్పో నీరో రక్తమో అయితే తప్ప ఫోను చేయవద్దు. ఆ తరువాతి మంగళవారం నువ్వు చూపించే లెక్కను బట్టి, వారానికి ఒక్కరోజు మాత్రమే రావడం ఎప్పటి నుండి మొదలుపెట్టాలో ఇద్దరం కలిసి తేల్చుకుందాం.

ఇందులో నీకు సమ్మతం కానిది ఏదైనా ఉంటే దాని పక్కనే పెన్నుతో రాసి తీసుకురా. ముఖ్యంగా డబ్బు విషయంలో మొహమాటపడవద్దు. మీ ఆయనతోనూ, అత్తగారితోనూ మాట్లాడు. రాత్రి తొమ్మిదింటికి షట్టరు దించే బాధ్యత కూడా ఇకపై నీదే కనుక వారికీ ముందే తెలియాలి. రెండో తాళంచెవి మూడు లాంతర్ల దగ్గర చేయించి ఉంచాను, మంగళవారం ఇస్తాను.

ఇట్లు,
మీ అక్క
ఉమాదేవి