ఏడుగురం, వెయ్యి రూపాయలు, రెండు పైసలు

బరంపురంలో ఏడుగురం టిఫిన్‌కి వెళ్లాం, బిల్లు సరిగ్గా 1,000. ఏడుతో భాగిస్తే 142.857 అని అలా పోతూనే ఉంది, సరే తలా 142.86 అనుకుని అందరం కౌంటర్ దగ్గరి క్యూఆర్ కోడ్ మీద పడ్డాం. స్పీకర్ డబ్బా ఒడియాలో ఏడుసార్లు అరిచింది. ఓనర్ లెక్క చూసుకుని, "బాబూ, రెండు పైసలు ఎక్కువొచ్చాయి, బదులుగా సోంపు తీసుకోండి" అన్నాడు.

మా బావ సోంపుని కూడా ఏడుగురికీ పంచమన్నాడు!

పావలా 2011లోనే చెల్లకుండా పోయింది గానీ యూపీఐలో పైసలు ఇంకా బతికే ఉన్నాయి, నాకదే భలే నచ్చుతుంది.

ఇంకోటి. పర్లాకిమిడిలో నేనే మొత్తం కట్టాను, ఒక్కొక్కరు 180 ఇవ్వాలి. ఒకడు ముందు ఒక్క రూపాయి పంపి, "వచ్చిందా మావా?" అన్నాడు. వచ్చిందన్నా.

"హమ్మయ్య, నంబర్ కరెక్టే" అన్నాడు.

మూడు నెలలైంది. మొన్న మిగతా 179 అడిగితే, "ఉండు, నంబర్ మారిందేమో" అని ఇంకో రూపాయి పంపాడు.